ఒకటో మనిషి వెనక్కి చూడకూడదు

పొద్దున తొమ్మిదింటికి పద్నాలుగో గదిలో ఫ్లెమ్మింగ్ అనే ఖైదీ పింగాణీ తొట్టిని గోడ నుంచి పీకి నేలకేసి కొట్టాడు. ఆ చప్పుడు జైలు మొత్తం వినబడింది. తర్వాత కుర్చీ విరిగింది, తర్వాత కిటికీకి ఏదో తగిలింది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తలుపు కింద నుంచి నీళ్లు వరండాలోకి పారుతున్నాయి. తలుపు కంతలోంచి చూసిన బెంటె వెనక్కి తిరిగి, వాడి ఎడమ చేతిలో జానెడు పెంకు ఉందనీ, తువాలు చింపి దానికి పిడిలా చుట్టుకున్నాడనీ చెప్పింది.

బెంటె ఆ విభాగంలో షిఫ్టు పెద్ద. ఆమె ముందు నలుగురు హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒకటో మనిషి యెప్పె, డాలు పట్టేవాడు. రెండో మనిషి డోర్టె, ఖైదీ కుడిచేయి ఆమెది. మూడో మనిషి ప్రేబెన్, ఎడమచేయి ఆయనది. నాలుగో మనిషి ఆస్గెర్, కాళ్లు అతనివి. ఒకటో మనిషి డాలుతో ఖైదీని గోడకి అదిమిపెట్టాలి, మిగతా ముగ్గురూ ఎవరి భాగం వాళ్లు పట్టుకుని గట్టిగా అరిచి చెప్పాలి. మూడు అరుపులూ వినబడితే బెంటె బేడీలతో లోపలికి వస్తుంది. అంతదాకా పక్కవాడికి ఏమవుతున్నా సరే, నీ భాగం నువ్వు వదలకూడదు. ముఖ్యంగా డాలు వదలకూడదు. డాలు జానెడు కదిలిందంటే నలుగురికీ ప్రమాదమే.

లోపలికి వెళ్లే ముందు బెంటె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "సరేనా" అని అడుగుతుంది. ఆ పూట మనసు బాగోలేనివాళ్లు, ఒళ్లు బాగోలేనివాళ్లు, భయంగా ఉన్నవాళ్లు "నేను కాదు" అనొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. సాయంత్రం బీరు తాగేటప్పుడు కూడా అడగరు. ఆ జైల్లో అన్ని నియమాలకీ ఏదో ఒక లొసుగు ఉంది గాని దీనికి లేదు. ఆ రోజు నలుగురూ సరే అన్నారు. అందులో ఒక సరే అబద్ధం.

తలుపు తెరుచుకుంది. యెప్పె డాలుతో దూసుకెళ్లి ఫ్లెమ్మింగ్‌ని కిటికీ గోడకి కొట్టాడు. దెబ్బ బాగానే పడింది. ఫ్లెమ్మింగ్ నూట పది కిలోల మనిషి, అయినా ఊపిరి పోయినట్టు మూలిగాడు. డోర్టె కుడి మణికట్టు దొరకబుచ్చుకుని "కుడి!" అని అరిచింది. ఆస్గెర్ కాళ్ల మీద పడ్డాడు. ప్రేబెన్ డాలు అంచు వెనక నొక్కుకుపోయిన ఎడమచేతి కోసం తడుముతున్నాడు. ఇంకో రెండు క్షణాలైతే పని అయిపోయేది.

ఫ్లెమ్మింగ్ అప్పుడు కుడిచేతిని విడిపించుకోవడానికి చూడలేదు. దాన్ని డోర్టెతో సహా లాగి ఆమె తలని కిటికీ చువ్వలకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. హెల్మెట్ ఉన్నా ఆమె కళ్లు బైర్లు కమ్మాయి, నోట్లో రక్తం వచ్చింది. "అమ్మా" అంది. ఆ మాటకి యెప్పె తల తిప్పి, డాలుని గోడ మీంచి లేపి ఆమెకీ ఫ్లెమ్మింగ్‌కీ మధ్యన పెట్టాడు. అలా ఎడమచేయి బయటికొచ్చింది. హెల్మెట్ అద్దం ఆగిపోయే చోట, ప్రేబెన్ దవడ కింద పెంకు దిగి, చెవి నుంచి గొంతు దాకా చీల్చుకుంటూ వచ్చింది.

నెత్తురు చిమ్మి గోడ మీద పడింది. ప్రేబెన్ రెండు చేతులతో గొంతు పట్టుకుని నీళ్లలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. బెంటె అలారం నొక్కింది, పక్క విభాగం నుంచి ఆరుగురు పరిగెత్తుకొచ్చారు. ఫ్లెమ్మింగ్‌ని నేలకి అదిమేసరికి వాడి ముక్కు పగిలింది, ఆస్గెర్ భుజం తప్పింది. ఆ గలాటాలో కూడా ఫ్లెమ్మింగ్ డోర్టె వైపే చూస్తూ నవ్వాడు. పళ్ల నిండా నెత్తురు.

"మీవాడు ఎటు చూస్తాడో నాకు తెలుసు," అన్నాడు.

ఆ మాట విన్నది డోర్టె ఒక్కతే. వాడికి తెలిసిన సంగతి ఆమెకీ తెలుసు.

రెండు వారాల కిందట, శుక్రవారం పొద్దున, అందరూ బన్నులూ వెన్నా తిని లేచాక కాఫీ గదిలో యెప్పె ఆమెని అడిగాడు. చాలా పద్ధతిగా అడిగాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చెవులు ఎర్రబడ్డాయి గాని చూపు దించలేదు. నువ్వంటే నాకిష్టం, ఆదివారం సముద్రం దగ్గరికి నడుద్దామా, పని గురించి కాదు, అన్నాడు. డోర్టెకి ముప్పై నాలుగు, విడాకులై ఏడాదైంది. యెప్పె మంచివాడు, పనిమంతుడు, వచ్చే నెలలో ముప్పై నిండుతాయి. అతనితో నవ్వడం ఆమెకిష్టం. అంతకుమించి ఏమీ లేదు, రేపు వస్తుందన్న ఆశ కూడా లేదు. ఆ సంగతి ఆమెకి అతను వాక్యం పూర్తి చేసేలోపే తెలుసు.

తెలిసి కూడా ఏం చెప్పిందో చూడండి. విడాకుల దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు, ఇప్పుడు మనసు లేదు, వేసవి దాటాక చూద్దాం, అంది. అంటూ అతని మోచేయి తట్టింది కూడా. అతనికి నొప్పి కలగకూడదని అలా అన్నానని తనకి తను చెప్పుకుంది. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, అతను డాలు. తలుపు తెరుచుకున్నప్పుడు నీకు ముందు నిలబడేవాడి మనసు విరిచి, మర్నాడు అతని వెనకే లోపలికి వెళ్లాలంటే ఎవరికైనా జంకు పుడుతుంది. ఆ వృత్తిలో ఉన్నవాళ్లు చేసే తప్పే ఆమె చేసింది. తన వీపు కోసం భయపడి అతనికి ఆశ పెట్టింది.

ఆశ పెట్టుకున్నవాడు ఊరికే ఉంటాడా? యెప్పె మళ్లీ ఆ మాట ఎత్తలేదు, వేసవి దాటేదాకా ఆగాలని మొండిగా ఆగాడు. కాని ఆమె తిరగాల్సిన గదులు తను తిరిగొచ్చాడు. ఖైదీ గొంతు పెంచితే ఆమెకీ వాడికీ మధ్య వచ్చి నిలబడ్డాడు. ఆమె వరండాలో నడిస్తే అతని తల ఆమెతో పాటే తిరిగింది. తోటివాళ్లకి అది తమాషాగా ఉంది. ఖైదీలకి మాత్రం ఇరవై నాలుగు గంటలూ కాపలావాళ్లని చూడటం తప్ప వేరే పనేముంది? ఎవరు తాగొచ్చారో, ఎవరి మొగుడు వదిలేశాడో, ఎవరు ఎవరి కోసం తల తిప్పుతారో వాళ్లకి తెలిసినంతగా పై అధికారికి తెలియదు. ఫ్లెమ్మింగ్ ఆ తొట్టిని పీకక ముందే అంతా లెక్కేసుకున్నాడు. యెప్పె అన్న సరే అబద్ధమని యెప్పె కన్నా ముందు వాడికే తెలుసు.

గొడవ అయ్యాక అందరూ కాఫీ బల్ల చుట్టూ కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. ఒక్కొక్కరు తన చేతులు ఏం చేశాయో చెప్పాలి, పక్కవాడి చేతుల గురించి మాట్లాడకూడదు. తప్పు పట్టరు, అందుకే అక్కడ అబద్ధం చెప్పకూడదు. ప్రేబెన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆస్గెర్ భుజానికి కట్టుతో, డోర్టె పెదవికి దూదితో కూర్చున్నారు. యెప్పె వంతు వచ్చింది. అతని చొక్కా చేతుల మీద ప్రేబెన్ నెత్తురు ఎండి నల్లబడింది.

"డాలు జారింది. నేల తడిగా ఉంది," అన్నాడు.

బెంటె రాసుకుంది. డోర్టె నోరు విప్పలేదు. ఆ బల్ల దగ్గర అతని చేతుల గురించి చెప్పే హక్కు ఆమెకి లేదు, పైగా చెబితే దాని వెనకున్న కారణమూ చెప్పాలి. అందరి ముందు ఒక మనిషి మనసుని బల్ల మీద పరచాలి. ఆమె లేచి బయటికి వెళ్లింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. ప్రేబెన్ బతికాడు. పెంకు నరానికి గోరంత దూరంలో ఆగింది, ముప్పై ఎనిమిది కుట్లు పడ్డాయి, గొంతులో గొట్టం. ఆయనకి యాభై తొమ్మిదేళ్లు. మాటకి ముందు వెటకారం వచ్చే మనిషి, ఇప్పుడు మాటే లేదు. ఆమెని చూడగానే భోజనాల కాగితం తిప్పి, వెనక పెన్సిలుతో రాశాడు.

"వాడు నిన్ను చూశాడు."

ఆమె తల ఊపింది. దాచలేదు. శుక్రవారం కాఫీ గది సంగతి, తను చెప్పిన జవాబు, మోచేయి తట్టడం, అన్నీ చెప్పింది. ప్రేబెన్ కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత చాలాసేపు రాశాడు, పెన్సిలు మొన విరిగేలా.

"నువ్వు వద్దనలేదు. ఆగమన్నావు. వాడు ఆగాడు. కుర్రాడి తప్పేముంది అమ్మాయ్."

ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన కాగితం లాక్కుని ఇంకో లైను రాశాడు. "ఏడిస్తే నా కుట్లు అతుక్కోవు. వెళ్లి చెప్పు."

ఇంటికి వెళ్తూ దారంతా ఆలోచించింది. పై అధికారికి చెప్పే వ్యవహారం ఇది ఇంకా కాదు. అతను ఒక్కసారి అడిగాడు, మర్యాదగా అడిగాడు, తర్వాత వేధించలేదు. జవాబు బాకీ పడింది తను. ఎక్కడ చెప్పాలి? కాఫీ గదిలో కాదు, గోడలకి చెవులున్నాయి. అతని ఇంట్లోనో తన కారులోనో కాదు, అక్కడ ఇంకేదో అర్థం వస్తుంది. షిఫ్టు ముందు అసలే కాదు, గుండె పగిలినవాడిని గదుల్లోకి పంపకూడదు. బుధవారం మధ్యాహ్నం షిఫ్టు దిగాక చెప్పాలి. గురు, శుక్రవారాలు అతనికి సెలవు, ముఖం దాచుకోవడానికి రెండు రోజులుంటాయి. ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట "ఇప్పట్లో" అన్న మాట దూరింది. ఐదోసారికి పోయింది.

బుధవారం మూడింటికి జైలు గోడ బయట, బీట్‌రూట్ పొలాల పక్కనుండే బాట మీద ఇద్దరూ నడిచారు. పడమటి గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. పది నిమిషాలు మాట్లాడాలని ఆమె ముందే చెప్పింది. అతని ముఖంలో వెలుగు ఆమె చూసింది. ఇంక ఆలస్యం చేస్తే అది మోసమే అవుతుంది.

"యెప్పె, నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. నీ మీద నాకు అలాంటి మనసు లేదు. వేసవికీ రాదు, తర్వాతా రాదు. విడాకుల వల్ల కాదు. అది నేను అడ్డం పెట్టుకున్న సాకు."

అతను నడక ఆపాడు. గాలి కొట్టినందుకే అన్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

"కొంచెం కూడా లేదా?"

"లేదు."

"నాలో ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు. తక్కువుంటే చెప్పేదాన్ని, దిద్దుకునేవాడివి. ఇది దిద్దేది కాదు."

అప్పుడు అతని లోపల ఏదో తెగింది. బాట పక్కన పొలం కంచె గుంజ ఉంది. దాన్ని పిడికిలితో కొట్టాడు, మళ్లీ కొట్టాడు, కణుపులు చిట్లి నెత్తురు వచ్చేదాకా కొట్టాడు. డోర్టె రెండడుగులు వెనక్కి వేసింది. భయం వేసింది, అబద్ధమెందుకు. కాని వెళ్లిపోలేదు, దగ్గరికెళ్లి ఓదార్చనూ లేదు. ఆ క్షణంలో చెయ్యి పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుందని ఆమెకి తెలుసు.

"రెండు వారాలు నన్ను కుక్కలా తిప్పుకున్నావ్," అన్నాడు. "ఆ రోజే చెప్తే నీ సొమ్మేం పోయేది? నేను నీ వెనకాల తిరుగుతుంటే నీకు బాగుందా?"

"బాగోలేదు. చెప్పకపోవడం నా తప్పే. నువ్వు నొచ్చుకుంటే డాలు సరిగా పట్టవేమోనని భయపడ్డా. నిన్ను తక్కువ చేసి చూశా. దానికి క్షమించు."

ఆ మాట అతనికి గుంజ కన్నా గట్టిగా తగిలింది. పిడికిలి దించి చూసుకున్నాడు.

"ప్రేబెన్ గొంతు నేనే కోశాను," అన్నాడు. "డాలు జారలేదు."

"తెలుసు. సగం నేను కోశాను. నీ మనసు సంగతి నేను ఎవరికీ చెప్పను. ప్రేబెన్ ముందే కనిపెట్టాడు, ఆయన నోరు విప్పడు. అది నీది. కాని డాలు సంగతి బల్ల దగ్గర నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే, నీ వెనక మళ్లీ లోపలికి వెళ్లే రోజున నేను 'నేను కాదు' అంటా. ఎందుకో బెంటె అడగదు, కాని నువ్వు తెలుసుకో."

తర్వాత ఆమె రోజువారీ పనికి సంబంధించిన చిన్న మాటలు మాట్లాడింది. అవి చిన్నవి కాబట్టే అవసరం. కొన్నాళ్లు వేరే షిఫ్టు కావాలంటే నువ్వే అడుగు, నేను పట్టుబట్టను, నిన్ను తరిమేస్తున్నానని మాత్రం అనుకోకు, అంది. పొద్దున ఎప్పటిలాగే పలకరిస్తా, నువ్వు పలకాలని లేదు. నా గదులు నేను తిరుగుతా, నాకు అడ్డం వచ్చి నిలబడొద్దు. పని మెసేజ్‌లకి జవాబిస్తా, మిగతావాటికి ఇవ్వను, అది కోపం కాదు. మనం ప్రాణస్నేహితులుగా ఉందాం అని మాత్రం అనలేదు. ఓడినవాడి చేతిలో పెట్టే మిఠాయి లాంటిది ఆ మాట, దాన్ని మింగనూ లేడు, ఉమ్మనూ లేడు. యెప్పె జైలు వైపు నడిచాడు. సైకిలు తాళం మూడోసారికి గాని తెరుచుకోలేదు. ఆమె సాయం చెయ్యలేదు. కారులో కూర్చుని అతను మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు ఏడ్చింది.

శనివారం కాఫీ బల్ల దగ్గర అతను చెయ్యెత్తాడు. కణుపుల మీద పక్కు కట్టి ఉంది. డాలు జారలేదు, నేను లేపాను, వెనక్కి చూశాను, రిపోర్టు మార్చాలి, అన్నాడు. ఎందుకు చూశావని ఎవరూ అడగలేదు. బెంటె పాత కాగితం మీద గీత కొట్టి కొత్తది రాసింది. అతన్ని మూడు వారాలు డాలు నుంచి తీసి, ఊళ్లోని శిక్షణ గదిలో రోజుకి గంట గోడకేసి అదిమే పని పెట్టింది. షిఫ్టు మార్చమని అతను అడగలేదు.

ఆ మూడు వారాలు తేలిగ్గా గడిచాయని చెబితే నా నోట్లో పురుగులు పడతాయి. యెప్పె ఆమె కళ్లలోకి చూసేవాడు కాదు. ఆమె "గుడ్ మార్నింగ్" అనేది, అతను కాఫీ కప్పుతో మాట్లాడేవాడు. ఆమె అందరితో అన్నట్టే అనేది, ఒక్క పిసరు తీపి ఎక్కువ లేదు, తక్కువ లేదు. కొత్త ఖైదీల గురించి అతనికి చెప్పాల్సినవి చెప్పేది. అతనికి దూరపు కుర్చీ వెతుక్కుని కూర్చోలేదు, అతని పక్క కుర్చీ కోసమూ చూడలేదు. ఇది వినడానికి తేలిక. చెయ్యడం రోజుకి ఎనిమిది గంటల పని, దానికి జీతం లేదు. పన్నెండో రోజున అతను "మార్నింగ్" అన్నాడు, కాఫీతో కాదు, ఆమెతో.

అంతలో అతని పుట్టినరోజు వచ్చి పడింది. పెళ్లి కాకుండా ముప్పై నిండినవాడికి మిరియాలతో అభిషేకం చెయ్యకపోతే ఆ ఊళ్లో పరువు దక్కదు. షిఫ్టు దిగగానే యెప్పెని ఐదుగురు పట్టుకున్నారు. అతను నిజంగానే తన్నుకున్నాడు, ఒకరి పెదవి చిట్లింది. కారు పార్కింగులో దీపస్తంభానికి టేపుతో కట్టేశారు, కళ్లకి ఈత అద్దాలు పెట్టారు, మీద బకెట్టు నీళ్లు కుమ్మరించారు. గాలి చలికి అతని పళ్లు కొట్టుకుంటున్నాయి. నాలుగు కిలోల మిరియాల పొడి సంచి విప్పారు. ఆస్గెర్ గరిటె నింపి డోర్టె చేతిలో పెట్టాడు.

"మొదటిది నువ్వెయ్యి. నువ్వు కట్టుకుని ఉంటే పాపం వీడికి ఈ గతి తప్పేది," అన్నాడు.

అందరూ నవ్వారు. యెప్పె నవ్వలేదు, అద్దాల వెనక కళ్లు మూసుకున్నాడు. గరిటె వెనక్కిస్తే సంగతి అందరికీ తెలిసిపోతుంది. మెల్లగా చల్లితే అది జాలి, జాలి కన్నా చెంపదెబ్బ నయం.

"ఆస్గెర్, ఆ జోకు మురిగిపోయింది, పారెయ్. వాడికి నేనూ కాదు, నాకు వాడూ కాదు. నీ ముప్పైకి నిన్ను ఎవరు కట్టుకున్నారో చెప్పు ముందు," అంది. ఆస్గెర్‌ని ఎవరూ కట్టుకోలేదు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. నవ్వు అటు మళ్లింది. ఆ నవ్వు మధ్యలో డోర్టె చెయ్యి వెనక్కి లాగి, గరిటెడు పొడినీ యెప్పె గుండెల మీద బలంగా కొట్టింది. ఆస్గెర్‌కైతే ఎలా కొట్టేదో అలాగే కొట్టింది.

యెప్పె తుమ్మాడు. పదకొండుసార్లు తుమ్మాడు. ముక్కూ నోరూ కారుతుండగా, స్తంభానికి వేలాడుతూ, ఆ బుధవారం తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నీ చెయ్యి విరగా, ఏం కొట్టావే," అన్నాడు.

మళ్లీ డాలు చేతికొచ్చిన నాలుగో రోజున ఫ్లెమ్మింగ్‌ని వేరే జైలుకి పంపించే ఉత్తర్వు వచ్చింది. రానన్నాడు. ఒంటరి గదిలో మంచం చట్రం విప్పి ఇనుప పట్టీ చేతికి చుట్టుకున్నాడు, ఒంటికి సబ్బు పూసుకున్నాడు, రమ్మని అరిచాడు. ఫ్లూ జ్వరాల వల్ల మనుషులు లేరు. ఉన్నది వీళ్లే. ప్రేబెన్ చోట పక్క విభాగం నుంచి వచ్చిన సోరెన్ నిలబడ్డాడు.

బెంటె వరసగా అడిగింది. "యెప్పె, సరేనా?"

అతను డాలు పట్టీ బిగించుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు. డోర్టె అతని వీపు చూస్తూ నిలబడింది. తను చెప్పిన మాటలు మంచివో చెడ్డవో ఇప్పుడు తేలుతుందని ఆమెకి తెలుసు.

"సరే."

"డోర్టె?"

"సరే."

తలుపు తెరుచుకుంది. డాలు వాడిని మూలకి కొట్టింది. ఇనుప పట్టీ డాలు మీద మూడుసార్లు పడి పగుళ్లు వచ్చాయి. డోర్టె కుడిచేతిని పట్టుకుంది, సబ్బుకి జారింది, మళ్లీ పట్టుకుని చంకలో ఇరికించుకుంది. "కుడి!" ఫ్లెమ్మింగ్ తల తిప్పి ఆమెని చూడలేదు. డాలు అద్దంలోంచి సూటిగా యెప్పెని చూశాడు. చూస్తూనే ఆమె చూపుడువేలు పట్టుకుని వెనక్కి విరిచాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది. డోర్టె అరిచింది. ఆ అరుపు ఆపుకునేది కాదు, గది దాటి వరండా దాటి వెళ్లింది. ఫ్లెమ్మింగ్ రెండో వేలు పట్టుకున్నాడు, ఇంకా యెప్పెనే చూస్తూ. రెండోదీ విరిగింది. ఆమె మళ్లీ అరిచింది, కాని చెయ్యి వదల్లేదు. నొప్పిలో ఆమెకి కనబడింది ఒక్కటే, డాలు అంచు. అది గోడని పట్టుకుని ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. యెప్పె మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తల మాత్రం ముందుకే ఉంది.

"ఎడమ!" అన్నాడు సోరెన్. "కాళ్లు!" అన్నాడు ఆస్గెర్. బేడీలు పడ్డాయి. ఫ్లెమ్మింగ్ నేల మీద పడి, ముఖం సబ్బు నీళ్లలో ఉండగా, నమ్మలేనట్టు యెప్పె వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

కాఫీ బల్ల దగ్గర డోర్టె చేతిని ఐసు సంచిలో పెట్టుకుని కూర్చుంది. అంబులెన్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది, ముందు తన వంతు చెప్పేసి వెళ్తానంది. సోరెన్ చెప్పాడు, ఆస్గెర్ చెప్పాడు. యెప్పె వంతు వచ్చింది. అతను చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

"డాలు పట్టుకున్నా. డోర్టె అరిచింది. రెండుసార్లు విన్నా," అన్నాడు. "చూడలేదు."

బెంటె రాసుకుంది. డోర్టె ఏదో అనబోయింది గాని పక్కవాడి చేతుల గురించి మాట్లాడకూడదు కదా, అందుకని ఊరుకుంది. యెప్పె లేచి అందరికీ కాఫీ పోశాడు, వరసగా, ఆమె కప్పు వచ్చినప్పుడు ఆమెకీ పోశాడు. ఆమె ఎడమచేత్తో కప్పు అందుకుని తాగింది.